దుబాయి రసీదులో ఆఖరి అంకె

మా బిల్డింగులో నన్ను దొంగ అని ఎవరూ ముఖం మీద అనలేదు. అన్నా బాగుండేది. ఒకటి అంటే నాలుగు అని, అరిచి, ఏడ్చి ఆ పూటతో తేల్చుకునేదాన్ని. నాకు నోరుందని సూరత్‌లో మా బమ్రోలి పేటంతటికీ తెలుసు. అందుకే కాబోలు ఎవరూ ఏమీ అనలేదు. కింది గది అవ్వ ఆదివారం ఆదివారం పంపే పచ్చిపులుసు గిన్నె రావడం ఆగిపోయింది. పక్క గదిలో ఉండే మా తోటికోడలు నేను వెళ్లగానే మాట మార్చి చంటిదాని ఉయ్యాల ఊపడం మొదలుపెట్టింది. అంతే. ఆ రెండింటితో నాకు అన్నం సయించకుండా పోయింది.

అవి కరోనా రోజులు. మొదటి లాక్‌డౌన్ ఎత్తేసి, ఊళ్లకు వెళ్లిన వాళ్లలో సగం మంది సూరత్‌కు తిరిగొస్తున్న కాలం. మా ఆయన పనిచేసే మగ్గాల కార్ఖానా ఒక్క షిఫ్టే నడుస్తోంది. పగారు సగం. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని. చీరకింతని లెక్క. జిగురు వాసనకు తలనొప్పి వచ్చేది, కానీ ఆ వాసనే లేకపోతే పొయ్యి వెలగదని దాన్నీ ఇష్టపడ్డాను.

మా మరిది అప్పటికి మూడేళ్లుగా దుబాయిలో ఉన్నాడు, కిందటేడు ఒక్కసారి సెలవు మీద వచ్చి వెళ్లాడు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో సాఫ్ చేసే పని. అవ్వ కొడుకూ అదే కంపెనీ, అదే గది, మా మరిది పైమంచం, అతను కిందిమంచం. ఆ రోజుల్లో వాళ్ల క్యాంపు నుంచి బయటికి పోవడం కష్టం. పోయినా డబ్బు పంపే కౌంటర్ల ముందు బారులు. మా మరిది ఫోన్‌లో డబ్బు పంపే యాప్ ఉంది, అవ్వ కొడుకు ఫోన్‌లో లేదు. పైగా ఒక్కొక్కరు విడివిడిగా పంపితే రెండు ఫీజులు, కలిపి పంపితే ఒకటే ఫీజు. అందుకని ఇద్దరి డబ్బూ కలిపి ఒకే దెబ్బలో నా పేరున పంపేవారు. తోటికోడలికి చంటిబిడ్డ, అవ్వకు మోకాళ్లు. పదో తరగతి దాకా చదివినదాన్ని, నాలుగు హిందీ ముక్కలు గట్టిగా మాట్లాడేదాన్ని నేనే. కాబట్టి తెచ్చి పంచే పని నా నెత్తిన పడింది. పడింది అంటున్నాను గానీ అప్పట్లో గర్వంగానే ఉండేది.

డబ్బు తీసుకునే చోటు మా వీధి మలుపులో ఒక దుకాణం. ఫోన్ రీచార్జీలు, రైలు టికెట్లు, జిరాక్సులు, ఒక మూలన విదేశీ డబ్బు ఇచ్చే కంప్యూటరు. దుకాణం ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం. మంచివాడు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. అన్నీ మూతబడ్డ రోజుల్లో మా అందరి ఫోన్లకూ ఉద్దెర మీద రీచార్జీ చేసిన మనిషి. ఆ ఫోన్లే లేకపోతే దుబాయిలో మగవాళ్లు బతికి ఉన్నారో లేదో కూడా మాకు తెలిసేది కాదు.

మరిది నాకు వాయిస్ మెసేజ్‌లో ఒక నంబరు చెప్పేవాడు. నేను దాన్ని చీర ప్యాకింగు అట్ట మీద రాసుకుని, ఆధార్ కార్డు పట్టుకుని, మాస్కు కట్టుకుని, దుకాణం ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడేదాన్ని. నా వంతు రాగానే భాయ్ నంబరు కొట్టి, కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టి సంతకం చేయమనేవాడు. చేసేదాన్ని. కాగితం మళ్లీ లోపలికి పోయేది. తర్వాత నోట్లు లెక్కపెట్టేవాడు. ‘‘ఆజ్ రేట్ గిర్ గయా, బెన్’’ అని, ఈరోజు రేటు పడిపోయిందక్కా అని నిట్టూర్చేవాడు. టమాటాల రేటు పడుతుంది, లేస్తుంది. దిర్హాముల రేటూ అంతేనేమో అనుకుని నేనూ నిట్టూర్చేదాన్ని.

మరి రసీదు ఎందుకు అడగలేదు అంటారా. అక్కడే ఉంది మావాళ్ల మర్యాద. గల్ఫ్‌లో ఎండకు మాడి సంపాదించి పంపే మనిషిని రసీదు పంపమనడం అంటే జేబు బోర్లించి చూపించమనడం. పెళ్లామే అడగదు, వదిన అడుగుతుందా? మా చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ ఎవరూ అడగలేదు. నంబరు వస్తే చాలు, డబ్బు వచ్చినట్టే. ఇచ్చింది లెక్కపెట్టుకోవడమే గానీ ఎంత ఇవ్వాలో చూసుకోవడం మా అలవాట్లలో లేదు.

ఆ నెల ఇద్దరూ కలిసి రెండువేల దిర్హాములు పంపారు. మా మరిదివి పన్నెండు వందలు, అవ్వ కొడుకువి ఎనిమిది వందలు. భాయ్ నా చేతిలో ముప్పై తొమ్మిది వేలు పెట్టాడు. ఐదు పాళ్లు చేసి మూడు పాళ్లు తోటికోడలికి, రెండు పాళ్లు అవ్వకు ఇచ్చాను. అవ్వకు పదిహేను వేల ఆరువందలు వచ్చాయి. ఆమె నోట్లు కొంగులో కట్టుకుని, కట్టుకున్న ముడి మళ్లీ విప్పి, నా వైపు చూసింది.

‘‘నా కొడుకు పదారు వేలు అన్నడు గద బిడ్డా. ఫోన్ల సూసిండట. దిర్హాముకు ఇరువై రూపాయలట. ఎన్మిది నూర్లకు పదారు వేలు గావాలె.’’

‘‘రేటు పడిందట అవ్వా.’’

‘‘ఎవలన్నరు?’’

‘‘భాయ్ అన్నడు.’’

‘‘మరి నా కొడుకు ఒట్టిగనే అన్నడా?’’

అవ్వ కొంగు ముడి మళ్లీ వేసుకుంది. ఆ సాయంత్రం కొళాయి దగ్గర మెల్లగా ఎవరితోనో అంటోంది: ‘‘వడ్డించెటోడు మనోడైతె కడబంతిల కూసున్నా ఫికరు లేదంటరు. మనోళ్లే వడ్డించిన్రు, ఏం ఫాయిదా?’’ నా బిందె నిండి పొర్లుతున్నా కట్టేయడం మరిచిపోయాను.

తోటికోడలి వాటాలో లెక్క ప్రకారం ఆరువందలు తక్కువ. ఆమె నన్ను అడగనే లేదు. ‘‘అక్కా, పోయిన నెల గుడ గిట్లనే తక్కువొచ్చింది, కదా?’’ అని మాత్రం అంది, ఉయ్యాల వైపు చూస్తూ. ఆ ‘కదా’ నా గుండెలో దిగింది. ఆమె పురుడు పోసింది నేను. లాక్‌డౌన్‌లో మంత్రసాని రాకపోతే, అంబులెన్సు వచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది నేను.

రాత్రి మా ఆయనతో చెప్పాను. ఆయనకు గొడవంటే జ్వరం వస్తుంది. మగ్గాల మోతలో బతికీ బతికీ ఇంట్లో చప్పుడు పనికిరాదు ఆయనకి.

‘‘గా వెయ్యి రూపాయలు మనమే ఇచ్చేద్దం తియ్. బాత్ ఖతమ్.’’

‘‘ఇస్తే ఏమనుకుంటరు? తిన్నది, పట్టువడ్డది, కక్కింది అనుకోరా?’’

‘‘అయితె ఇయ్యకు.’’

‘‘ఇయ్యకపోతె తిన్నట్టే ఉంటది!’’

‘‘మరి ఏం జేద్దమే?’’ అని ఆయన దుప్పటి కప్పుకున్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మా అమ్మ ఊరికే అనలేదు. నేను తాగింది పాలేనని రుజువు చేసేదాకా నిద్రపోకూడదని పట్టుబట్టాను. నిజానికి కాసేపటికే నిద్రపోయాను, కానీ పొద్దున్న లేచేసరికి పట్టుదల అలాగే ఉంది.

మరిదికి వాయిస్ మెసేజ్ పెట్టాను. రసీదు పంపమని. మూడుసార్లు మాటలు మార్చి మార్చి చెప్పాను, ఎంత నెమ్మదిగా చెప్పినా అది అనుమానంలాగే వినిపించింది. అనుకున్నట్టే మధ్యాహ్నానికి జవాబు వచ్చింది.

‘‘ఏంది వదినా, నా మీద నమ్మకం లేదా? నేనేమన్న తక్కువ పంపి ఎక్కువ చెప్తున్ననా?’’

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ‘‘నీ మీద అందరికీ నమ్మకమే నాయినా. నా మీదనే ఎవలకూ లేదు. నీ పెండ్లాం నా మొఖం జూస్తలేదు. జర ఆ రసీదు పంపు, నేను దొంగనో దొరనో తెల్వనియ్’’ అన్నాను. ఈసారి జవాబు మాటల్లో రాలేదు. నేరుగా రసీదు ఫొటో వచ్చింది.

ఇంగ్లీషులో ఉంది. జిగురు చేతులు కడుక్కుని, తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. పంపిన సొమ్ము రెండువేల దిర్హాములు. ఫీజు ఇరవై. ఫీజు మీద పన్ను ఒకటి. అంటే అక్కడ వాళ్లు కట్టింది రెండువేల ఇరవై ఒకటి. ఫీజు పైనుంచి కట్టారు గానీ పంపే రెండువేలల్లోంచి పోలేదు. దాని కింద రేటు: పంతొమ్మిది రూపాయల ఎనభై పైసలు.

ఇరవై కాదు. నా ప్రాణం ఉసూరుమంది. అయితే అవ్వ కొడుకు తప్పు చెప్పాడా? మళ్లీ మరిదిని అడిగాను. ఈసారి అతను తీరుబడిగా చెప్పాడు. ఫోన్‌లో వెతికితే కనపడే ఇరవై రూపాయలు పెద్ద పెద్ద బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటట. మనలాంటి వాళ్లకు ఆ రేటు ఎవడూ ఇవ్వడట. డబ్బు పంపే కంపెనీ అందులో కొంచెం తగ్గించి రేటు కడుతుంది, ఆ తగ్గింపే దాని లాభం. ‘‘ఫీజు కనవడే కోత, వదినా. రేటుల కోత కనవడది. గానీ గది దొంగతనం గాదు, యాపారం. పంపేటప్పుడే రేటు చూపెడతడు, ఇష్టమైతెనే నొక్కుతం.’’

లెక్క వేశాను. దిర్హాముకు ఇరవై పైసలు, రెండువేలకు నాలుగువందలు. సరే, ఆ నాలుగువందలు కంపెనీకి పోయాయి. ఇక రసీదులో అన్నిటికంటే కింద ఒక వరస ఉంది. తీసుకునే మనిషికి ముట్టే సొమ్ము, భారత రూపాయల్లో: ముప్పై తొమ్మిది వేల ఆరువందలు.

ఆ అంకె మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాను. రెండువేలను పంతొమ్మిది ఎనభైతో గుణించి చూశాను. అదే వచ్చింది. నాకు వచ్చింది ముప్పై తొమ్మిది వేలు. ఆరువందలు దుబాయిలో పోలేదు, దారిలో పోలేదు. మా వీధి మలుపులో పోయాయి. కోపం రావాల్సింది, ముందు నవ్వొచ్చింది. పెద్దగా నవ్వాను. నేను తినలేదు! ఎవరు తిన్నారో కూడా రసీదు చెబుతోంది.

ఇంకా ఒక్క అనుమానం మిగిలింది. భాయ్ అన్నట్టు మా దగ్గరికి వచ్చేసరికి రేటు పడిపోతే? అదీ మరిదినే అడిగాను. ‘‘నేను నొక్కినప్పుడే రూపాయలు కట్టైపోతయ్ వదినా. రసీదుల ఆఖరి అంకె మారది. అక్కడ తీసుకునెటోళ్లు ఒక్క పైస కట్టేది లేదు. ఫీజంత ఇక్కడనే కట్టినం’’ అన్నాడు. పాత రసీదులు కూడా తీసి పంపాడు. అంతకుముందు రెండు నెలలు నాకు ఎంత వచ్చిందో, ఎలా పంచానో తోటికోడలికి గుర్తుంది. ఆమెకు గుర్తుండటమే కదా నా కష్టం. ఒకసారి ఏడువందలు, ఒకసారి ఐదువందలు తేడా వచ్చింది.

ఫోన్ పట్టుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. అవ్వ ఫోన్‌ను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. ఆమెకు చదువు రాదు.

‘‘ఫోన్ల అంకెలు ఎట్లన్న రాస్తరు బిడ్డా’’ అంది. ‘‘భాయ్ ఎందుకు తింటడే? మనకు ఆపతిల ఉద్దెర ఇచ్చినోడు.’’

అంటే ఉద్దెర ఇచ్చిన భాయ్ తినడు, పాచిపని నుంచి పురుడు దాకా చేసిన నేను తింటాను! ఒళ్లు మండింది. కానీ ఒకందుకు అవ్వ అన్నది నిజమే. సంతకం నేనే చేశాను. ఆ కాగితంలో ఆ ఆరువందలూ కలిపే రాసి ఉంటుంది. పాత లెక్క మీద పోయి అరిస్తే, ‘‘పూర్తిగా తీసుకున్నానని సంతకం పెట్టావు కదా’’ అంటాడు. నా సంతకమే నా మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి ఆ నెలకు నోరు కట్టుకున్నాను. నన్ను ఎరిగిన వాళ్లెవరూ నమ్మరు గానీ, మళ్లీ డబ్బు వచ్చేదాకా భాయ్ దుకాణం ముందు నుంచి నవ్వుతూ నమస్తే పెడుతూ నడిచాను.

మళ్లీ నెల వచ్చింది. నంబరు వచ్చింది. వెంటనే రసీదు కూడా వచ్చింది, అడగకుండానే. మళ్లీ రెండువేలు. ఈసారి రేటు పంతొమ్మిది డెబ్బై ఐదు, ఆఖరి అంకె ముప్పై తొమ్మిది వేల ఐదువందలు. తోటికోడలికి చంటిదాన్ని చంకనెత్తుకోమన్నాను. అవ్వను మోకాళ్లకు నూనె రాసుకుని బయలుదేరమన్నాను.

‘‘నేనెందుకే?’’ అంది అవ్వ.

‘‘నీ కండ్లతో నువ్వు సూడనీకి. మల్ల నన్ను అడగొద్దు.’’

ముగ్గురం మాస్కులు కట్టుకుని సున్నం గుండ్రాల్లో నిలబడ్డాం. మా వెనక ఒక ఒడియా ఆమె, ఆమె వెనక యూపీ అతను, ఇంకా నలుగురైదుగురు. నా వంతు వచ్చింది. భాయ్ నంబరు కొట్టాడు. కాగితం తీశాడు. చేతి కింద సగం దాచి, సంతకం పెట్టే చోట వేలు చూపించాడు.

‘‘పైసా పహలే గిన్ దో, భాయ్’’ అన్నాను. ముందు లెక్కపెట్టు అని.

లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది వేలు. ‘‘ఆజ్ భీ రేట్ గిర్ గయా, క్యా కరే’’ అని నిట్టూర్చాడు. నేను నిట్టూర్చలేదు. ఆయన చేయి పక్కకు జరిపి కాగితం నా వైపు లాక్కున్నాను. అక్కడ అచ్చులో స్పష్టంగా ఉంది, ముప్పై తొమ్మిది వేల ఐదువందలు. పక్కనే నా ఫోన్ పెట్టాను. దుబాయి రసీదు, సూరత్ కాగితం, రెండింటిలోనూ ఒకటే అంకె.

‘‘రేటు పడితే ఈ కాగితంలో ఎందుకు పడలేదు?’’ అని హిందీలో అడిగాను.

‘‘అది దుబాయి లెక్క బెన్. ఇక్కడి లెక్క వేరు.’’

‘‘సరే. అయితే నువ్వు ఇచ్చే లెక్క ప్రకారమే కాగితం తియ్. ముప్పై తొమ్మిది వేలు అని రాసి తియ్, ఇప్పుడే సంతకం పెడతా. నాకేం అభ్యంతరం లేదు.’’

ఎలా తీస్తాడు? ఆ కంప్యూటరులో అంకె ఆయన చేతిలో లేదు. దుబాయిలో మా మరిది వేలు నొక్కినప్పుడే అది బిగుసుకుపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అలా ఉంది ముఖం. మాస్కు ఉన్నా కళ్లు దాచుకోలేకపోయాడు.

‘‘అది సర్వీస్ చార్జీ...’’ అన్నాడు చివరికి.

‘‘ఇప్పటిదాకా రేటు. ఇప్పుడు చార్జీనా? ఫీజు అక్కడ మావాళ్లు కట్టారు. ఇరవై దిర్హాములు, పైన పన్ను ఒకటి. ఇదిగో. తీసుకునేవాళ్లు కట్టాలని ఎక్కడుందో చూపించు. రసీదు మీద కంపెనీ ఫోన్ నంబరు ఉంది, కలపమంటావా? వాళ్లనే అడుగుదాం.’’

నా గొంతు నాకు తెలిసే పెరిగింది. వెనక ఒడియా ఆమె తన గుండ్రం దాటి ముందుకు వచ్చింది. యూపీ అతను ఫోన్ తీసి ఎవరికో ‘‘రసీద్ భేజో, జల్దీ’’ అంటున్నాడు. దూరం దూరంగా నిలబడాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. భాయ్ గల్లా పెట్టె తెరిచి, ఐదువందల నోటు తీసి నోట్ల కట్ట మీద పెట్టాడు. చప్పుడు లేకుండా పెట్టాడు.

‘‘ఇది ఈ నెలది. మిగతావి?’’ అన్నాను. పాత రసీదులు ఒక్కొక్కటే చూపించాను. ఆరువందలు, ఏడువందలు, ఐదువందలు. మొత్తం పద్దెనిమిది వందలు.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. లాక్‌డౌన్‌లో మీ ఫోన్లన్నీ నేనే నింపాను, బెన్, అది మరిచిపోయారా అని. నిజం చెప్పాలంటే ఆ మాట నన్ను ఒక్క క్షణం మెత్తబరిచింది. కానీ జవాబు చెప్పింది అవ్వ. హిందీ కాదు, తెలుగు కాదు, సూరత్‌లో మా పెద్దవాళ్లు మాట్లాడే కలగాపులగంలో.

‘‘ఉధార్ దియా, మేము కట్టేసినం. ఏక్ ఏక్ పైసా కట్టినం. నువ్వు జేసిన మేలు మేలే బేటా, గది మర్సిపోం. గానీ మేలు జేసినవని జేబుల చెయ్యి వెడ్తవా?’’

లైన్‌లో ఎవరో నవ్వారు. పద్దెనిమిది వందలూ వచ్చాయి. ఆ రోజు ఒడియా ఆమెకూ, యూపీ అతనికీ ఆఖరి అంకె ప్రకారమే ముట్టింది. సంతకం పెట్టాను. పెట్టి, ‘‘ఇంకో కాగితం తియ్. నాకూ ఒకటి కావాలి’’ అన్నాను. ప్రింటరు బాగాలేదు అనబోయి, ఎదురుగా అప్పుడే అచ్చయిన కాగితం చూసి, తీసిచ్చాడు.

ఇంటికి తిన్నగా పోలేదు. అవ్వ మోకాళ్ల నొప్పి ఎక్కడికి పోయిందో గానీ అందరికంటే ముందు నడిచింది. దారిలో బండి దగ్గర ఆగి లోచో తినిపిస్తానంది. వేడివేడిగా ఆవిరి మీద ఉడికిన శనగపిండి, మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస. ‘‘పిండి ముద్దకు గింత పేరా?’’ అని తిట్టుకుంటూ రెండు ప్లేట్లు తింది. డబ్బులు తనే ఇచ్చింది. తోటికోడలు తినకుండా నా వైపే చూస్తోంది.

‘‘అక్కా, నేను నిన్ను...’’

‘‘అనుకున్నవ్. ఎర్కే. తిను ముందు, సల్లారుతది.’’

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మాస్కులు తడిసిపోయాయి. మా ఇద్దరి మధ్య చంటిది సేవ్ గుప్పిట పట్టి నా చీర మీద చల్లింది. ఆ చీర మరక ఇప్పటికీ పోలేదు, పోగొట్టాలని నేనూ గట్టిగా ఉతకలేదు.

ఆ పద్దెనిమిది వందలను కూడా ఐదు పాళ్లు చేశాను. అవ్వకు ఏడువందల ఇరవై, తోటికోడలికి వెయ్యిన్నీ ఎనభై. అవ్వ పదిహేను వేల ఆరువందల నాటి కొంగు ముడి గుర్తుచేసుకుంటూ అడిగింది, మరి పదారు వేలకు ఇంకా తక్కువే కదా అని. అది కంపెనీ రేటులో కోసుకున్నది, అది రాదు అని చెప్పాను. చూపించి కోసేది వేరు, చూపించకుండా కోసేది వేరు అని చెప్పాను. అవ్వ ‘‘గట్లనా. కూరగాయలామె తూకంల కొంచెం పట్టుకున్నట్టు గాదు, ముందే రేటు చెప్పినట్టు’’ అంది. నాకంటే బాగా అర్థమైందనిపించింది.

మరుసటి ఆదివారం పచ్చిపులుసు గిన్నె వచ్చింది. పొంగిపొర్లేంత నింపి పంపింది, మెట్లన్నీ పులుసే.

దాని తర్వాత మా బిల్డింగులో ఒక కొత్త అలవాటు పుట్టింది. నంబరుతో పాటు రసీదు రావడం. మొదట్లో మగవాళ్లు గొణిగారు. తర్వాత వాళ్లే గర్వంగా పంపడం మొదలుపెట్టారు. ఒకసారి మా మరిది హుషారుగా మెసేజ్ పెట్టాడు, కొత్త యాప్ దొరికింది, ఫీజు అసలే లేదు, ఇరవై ఒక్క దిర్హాములు మిగులుతాయని. నేను అవ్వ గదిలోనే ఉండి వినిపించాను. నేను నోరు తెరిచేలోపు అవ్వ ఫోన్ లాక్కుంది.

‘‘ఫీజు లేదు సరే, రేటెంతరా?’’

పంతొమ్మిదిన్నర అని వచ్చింది. పాత యాప్‌లో ఆ రోజు పంతొమ్మిది ఎనభై ఉంది. నేను లెక్క వేశాను. రెండువేల మీద రేటులోనే ఆరువందల రూపాయలు పోతాయి. మిగిలే ఫీజు మహా అయితే నాలుగువందల చిల్లర. ‘‘గుమ్మడికాయ ఇచ్చి ఆవగింజ ఏరుకుంటడా వీడు?’’ అని అవ్వ మా మరిదిని ఫోన్‌లోనే కడిగేసింది. అది సామెతో కాదో నాకు తెలియదు, ఆమె నోట్లో మాత్రం అప్పటికప్పుడు పుట్టింది. మరిది పాత యాప్‌లోనే పంపాడు.

ఇదంతా అయిన కొన్ని నెలలకు పై అంతస్తులోకి ఒక కొత్త కోడలు వచ్చింది. భర్త మస్కట్‌లో. డబ్బు ఎవరి పేరున తెప్పించుకోవాలో తెలియక మెట్ల మీద నిలబడి అవ్వను అడుగుతోంది. నేను లోపల రాళ్లు అంటిస్తున్నాను, తలుపు దగ్గరకు వేసి ఉంది. నేను వింటున్నానని అవ్వకు తెలియదు. తెలిస్తే అలా చెప్పేది కాదు, నా తల ఎగురుతుందని.

‘‘గా రూముల రాళ్ల చీరలామె ఉంటది సూడు, ఆమె చేతికే పంపియ్యమను’’ అంది అవ్వ. ‘‘రసీదు గుడ అడుగు. ఏమనుకోదు.’’